పాఠ్య ప్రణాళిక: విదేశీ ఉద్యోగాలకు సిద్ధమయ్యే వయోజనులకు ఆంగ్ల ఆర్టికల్స్

లక్ష్యాలు

ఈ పాఠాన్ని చదివిన తరువాత మీరు:

- ఎ, అన్, ద అనే మూడు ఆర్టికల్స్‌లో ఏది వాడాలో వినేవారి దృష్టి నుంచి వివరించగలుగుతారు.
- తెలుగు మాట్లాడేవారు ఆర్టికల్స్ దగ్గర చేసే తప్పులకు కారణాలను గుర్తించగలుగుతారు.
- పని స్థలంలోని సన్నివేశాలతో 90 నిమిషాల తరగతికి ప్రణాళిక తయారుచేసి, అది ఫలించిందో లేదో తేల్చుకోగలుగుతారు.

1. పరిచయం

మీరు పాఠం చెప్పవలసిన తరగతిని ముందుగా ఊహించుకోండి. ఊరు కర్నూలు జిల్లా గూడూరు. సమయం సాయంత్రం ఆరున్నర నుంచి ఎనిమిది వరకు. ఎదురుగా ఇరవై మంది పెద్దవాళ్ళు ఉన్నారు. ఒకరు ఆదోని జిన్నింగ్ మిల్లులో ఫిట్టరు. ఒకరు ఎమ్మిగనూరులో ఇళ్ళకు వైరింగ్ చేసే ఎలక్ట్రీషియన్. ఒకామె కర్నూలు ఆసుపత్రిలో నర్సు. ఇద్దరు మహిళలు ఇంటిపని కోసం కువైట్ వెళ్ళాలనుకుంటున్నారు. మగ్గం పని విడిచి డ్రైవింగ్ నేర్చుకున్నవారు మరికొందరు. అందరూ తెలుగు మాధ్యమంలోనే చదివారు, కొందరు పదవ తరగతి దాటలేదు.

వీరికి మాటల కొరత పెద్దగా లేదు. పంపు, వాల్వు, బెల్టు, ఫ్యూజు, ట్రాలీ వంటి మాటలను రోజూ వాడుతూనే ఉన్నారు. ఆర్టికల్స్ గురించి బడిలో విన్నది కూడా కొంత గుర్తుంది: అచ్చు ముందు అన్, హల్లు ముందు ఎ, ప్రత్యేకమైన దాని ముందు ద. చిక్కంతా ఆ మూడో సూత్రంలో ఉంది. ప్రత్యేకమైనది అంటే ఎవరికి? ఈ ప్రశ్నకు సమాధానం చెప్పకుండా ఎన్ని ఖాళీలు పూరింపించినా వీరు ఫోనులో మాట్లాడేటప్పుడు తడబడుతూనే ఉంటారు. మన ప్రణాళిక మొత్తం ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది.

ఈ తరగతి చెవికి, నోటికి సంబంధించినది. అందువల్ల ఇక్కడ ఆంగ్ల వాక్యాలను కూడా తెలుగు లిపిలోనే ఇస్తున్నాం. వాటిని పైకి చదువుతూ ముందుకు సాగండి.

2. తెలుగులో ఈ పని ఎలా జరుగుతుంది?

తెలుగులో ఆర్టికల్స్ లేవు. అయినా, వినేవారికి తెలిసిన వస్తువుకూ తెలియని వస్తువుకూ తేడా చూపే మార్గాలు తెలుగులో ఉన్నాయి. బస్టాండులో మీతోపాటు కర్నూలు బస్సు కోసం ఎదురుచూస్తున్న వ్యక్తితో "బస్సు వచ్చింది" అంటారు. అది ఏ బస్సో ఆయనకు తెలుసు. ఇంట్లో కూర్చున్నవారితో అయితే "ఇప్పుడే బస్సొకటి పోయింది" అంటారు. అది ఏ బస్సో వారికి తెలియదు. ఆంగ్లంలో మొదటిది ద బస్, రెండోది ఎ బస్.

కర్మ స్థానంలో మరో సూచన కనిపిస్తుంది. "పానా తీసుకురా" అంటే ఏదో ఒక పానా కావచ్చు, ఇద్దరికీ తెలిసిన పానా కావచ్చు. "ఆ పానాను తీసుకురా" అనకుండా కేవలం "పానాను తీసుకురా" అన్నా, అంతకుముందు మాట్లాడుకున్న పానాయే అన్న భావం సాధారణంగా వస్తుంది. అంటే నిర్జీవ వస్తువుల విషయంలో ని, ను ప్రత్యయాలు కొంతవరకు ద చేసే పనిని చేస్తున్నాయి. అయితే దీన్ని సూత్రంగా బోధించకండి. మనుషుల విషయంలో ఆ ప్రత్యయం ఎప్పుడూ ఉంటుంది: "డ్రైవర్ని పిలువు" అన్నప్పుడు తెలిసిన డ్రైవరైనా కావచ్చు, ఎవరో ఒక డ్రైవరైనా కావచ్చు. కాబట్టి దీన్ని అభ్యాసకుల ఆలోచనను కదిలించడానికి మాత్రమే వాడాలి.

ఇక మూడో విషయం. తెలుగులో ఏ గుర్తూ లేని నామవాచకమే చాలాసార్లు సరిపోతుంది. ఒకే మగ్గం ఉన్న ఇంట్లో "నాడె తీసుకురా" అంటే ఏ నాడె అని ఎవరూ అడగరు. చెప్పేవారు, వినేవారు ఒకే గదిలో ఉంటారు, ఇద్దరి ముందూ ఉన్నది ఒకటే. భాష చెప్పకుండా వదిలిన భాగాన్ని ఇల్లే పూరిస్తుంది. విదేశంలో సూపర్‌వైజరు మరో భవనంలో ఉంటాడు. ఆయన మాతృభాష మలయాళమో, అరబ్బీయో, ఫిలిపినోయో కావచ్చు. అక్కడ పంపులు మూడు ఉండవచ్చు. ఇంట్లో గది పూరించిన ఖాళీని అక్కడ ఆర్టికల్ పూరించాలి.

3. ఎవరికి తెలిసి ఉండాలి?

ఆర్టికల్స్ బోధనపై రాసిన పీటర్ మాస్టర్ 1990లో ఈ మొత్తం వ్యవస్థను రెండు పనులుగా విడదీయవచ్చని ప్రతిపాదించాడు. ఒకటి, వస్తువు ఏ జాతిదో చెప్పడం. రెండు, అది ఏదో గుర్తుపట్టించడం. "ఇది ఒక రకమైన వస్తువు" అని చెప్పడానికి ఎ, అన్. "నీకు తెలిసిన ఫలానాది" అని చెప్పడానికి ద. వయోజనుల తరగతికి ఈ విభజన బాగా పనికివస్తుంది, ఎందుకంటే దీన్ని ఒకే ప్రశ్నగా మార్చవచ్చు: "నేను చెప్పగానే, వినేవారికి అది ఏదో తెలుస్తుందా?" తెలుస్తుందంటే ద. తెలియదంటే, లెక్కించదగిన ఒక్క వస్తువైతే ఎ లేదా అన్.

వినేవారికి తెలిసే మార్గాలు ప్రధానంగా మూడు. ఆ వస్తువు గురించి ఇదివరకే మాట్లాడి ఉండాలి. లేదా ఆ చోట అలాంటిది ఒక్కటే ఉండాలి. లేదా ఏదో తెలిసేలా మాటల్లోనే వివరం ఇవ్వాలి, "తలుపు పక్కన ఉన్న పంపు" అన్నట్టుగా. ఈ మూడింటినీ తరగతిలో చేతి వేళ్ళ మీద లెక్కపెట్టించండి.

ఇక్కడ ఒక తప్పును ముందే ఊహించాలి. అయోనిన్, కో, వెక్స్‌లర్ అనే పరిశోధకులు 2004లో రష్యన్, కొరియన్ మాతృభాషలుగా ఉన్న అభ్యాసకులను పరిశీలించారు. ఆ భాషల్లోనూ ఆర్టికల్స్ లేవు. తమ మనసులో ఫలానా వస్తువు ఉన్నప్పుడు, అది వినేవారికి తెలియకపోయినా, ఆ అభ్యాసకులు ద వాడే ధోరణి కనిపించింది. మన తరగతుల్లోనూ ఇదే తప్పు ఎదురవుతుంది. ఫిట్టరు తెగిన బెల్టును కళ్ళారా చూశాడు కాబట్టి అది అతనికి ప్రత్యేకమైనదే. అందుకే "ద బెల్ట్ ఈజ్ బ్రోకెన్" అంటాడు. ఫోనులో వింటున్న మనిషి దాన్ని చూడలేదు. బడిలో నేర్చిన "ప్రత్యేకమైన దాని ముందు ద" అనే సూత్రం ఈ తప్పును దిద్దదు, పైగా బలపరుస్తుంది.

4. 90 నిమిషాల ప్రణాళిక

కావలసిన వస్తువులు: ఒక సుత్తి, రెండు పానాలు, పిడి రంగులు వేరైన మూడు స్క్రూడ్రైవర్లు, ఒక దుప్పటి, ఒకే గది బొమ్మ ఉన్న పది కాగితాలు.

మొదటి అంచె, 10 నిమిషాలు. "బస్సు వచ్చింది", "బస్సొకటి పోయింది", "నాడె తీసుకురా" అనే మూడు మాటలను బోర్డు మీద రాసి, ఒక్కొక్కటి ఎవరితో అంటామో అడగండి. ఆర్టికల్ అన్న మాట ఇంకా ఎత్తవద్దు.

రెండో అంచె, 15 నిమిషాలు. "వినేవారికి ఏదో తెలుస్తుందా?" అన్న ప్రశ్నను, తెలిసే మూడు మార్గాలను పరిచయం చేయండి. తరువాత తెలుగు వాక్యాలు చెప్పి, తెలుస్తుందంటే చెయ్యి ఎత్తమనండి. చేతులు సరిగా లేచిన తరువాతే ఎ, ద శబ్దాలను జతచేయండి.

మూడో అంచె, 20 నిమిషాలు: స్టోరు సన్నివేశం. వస్తువులను బల్ల మీద పెట్టి, ఒకరిని స్టోర్‌కీపరుగా కూర్చోబెట్టండి. మిగతావారు వరుసగా వచ్చి అడగాలి. స్టోర్‌కీపరు పాటించవలసిన నియమం ఒక్కటే: తాను విన్న మాటకు మాత్రమే స్పందించాలి, ఊహించకూడదు. "గివ్ మీ ఎ స్క్రూడ్రైవర్" అంటే ఏదో ఒకటి ఇవ్వాలి. "గివ్ మీ ద హ్యామర్" అంటే ఉన్న ఒక్క సుత్తినీ ఇవ్వాలి. "గివ్ మీ ద స్క్రూడ్రైవర్" అంటే ఏమీ ఇవ్వకుండా "విచ్ వన్?" అనాలి. అప్పుడు అడిగినవారు "ద వన్ విత్ ద రెడ్ హ్యాండిల్" అని దిద్దుకుంటారు. వస్తువును తిరిగి ఇచ్చేటప్పుడు "హియర్ ఈజ్ ద స్క్రూడ్రైవర్" అనాలి, ఎందుకంటే ఇప్పుడది ఇద్దరికీ తెలిసిన వస్తువు.

ఈ సన్నివేశంలో "గివ్ మీ వన్ స్క్రూడ్రైవర్" అన్న మాట తప్పకుండా వినిపిస్తుంది. తెలుగు "ఒక" నుంచి వచ్చిన అలవాటు ఇది. తెలుగులో "ఒక" లెక్కను చెప్పగలదు, లెక్క లేకుండా ఏదో ఒకటి అనీ చెప్పగలదు. ఆంగ్లంలో వన్ అంటే వినేవారికి లెక్కే ముందు వినిపిస్తుంది: రెండు కాదు, ఒకటి. లెక్క ముఖ్యం కానప్పుడు ఎ చాలు.

నాలుగో అంచె, 25 నిమిషాలు: ఫోనులో ఫిర్యాదు. దీని వివరం తరువాతి విభాగంలో ఉంది.

ఐదో అంచె, 15 నిమిషాలు: ఎ, అన్ శబ్దాలు. దీన్ని ఆరో విభాగంలో చూస్తారు.

ఆరో అంచె, 5 నిమిషాలు. వెళ్ళేముందు ఒక్కొక్కరూ తమ పనిలో ఎదురయ్యే ఒక సమస్యను రెండు వాక్యాల్లో చెప్పాలి. మొదటి వాక్యంలో వస్తువు కొత్తది, రెండో వాక్యంలో తెలిసినది.

5. ఒక సన్నివేశం పూర్తిగా

ముందు తెలిసిన చోటుతో మొదలుపెట్టండి. ఆదోని జిన్నింగ్ మిల్లులో జిన్ను యంత్రాలు వరుసగా ఉంటాయి, వాటికి బెల్టులు ఉంటాయి. "బెల్టు తెగింది" అని ఫోను చేస్తే మేస్త్రీ మొదట అడిగేది "ఏ జిన్నుది?" అనే. ఈ అనుభవం ఫిట్టరుకు ఉంది. మిగతావారికి ఆయన చేతే చెప్పించండి.

ఇప్పుడు అదే మనిషిని విదేశంలో ఒక పెద్ద భవనం నిర్వహణ పనిలో ఊహించుకోమనండి. నేలమాళిగలో మూడు నీటి పంపులున్నాయి, ఒకటి ఆగిపోయింది. సూపర్‌వైజరు ఆఫీసులో ఉన్నాడు. ఇద్దరినీ దుప్పటికి చెరోవైపు కూర్చోబెట్టండి. ఇద్దరి చేతుల్లోనూ ఒకే గది బొమ్మ ఉంటుంది: మూడు పంపులు, తలుపు, కిటికీ, ట్యాంకు. ఆగిన పంపు మీద గుర్తు మాత్రం ఫిట్టరు కాగితంలోనే ఉంటుంది. సూపర్‌వైజరు తాను విన్నదాన్ని బట్టి సరైన పంపు చుట్టూ సున్నా చుట్టాలి.

మొదటి ప్రయత్నం సాధారణంగా ఇలా ఉంటుంది: "సార్, పంప్ స్టాప్డ్." సూపర్‌వైజరు "విచ్ పంప్?" అంటాడు. ఇందులో నష్టం కొద్ది సేపే. రెండో ప్రయత్నంలో ఆర్టికల్ గుర్తుకు వచ్చి "సార్, ద పంప్ హాజ్ స్టాప్డ్" అంటాడు. ఇది మొదటిదానికన్నా ప్రమాదకరం. ద విన్న సూపర్‌వైజరు "నాకు తెలిసిన పంపు" అని అర్థం చేసుకుంటాడు. నిన్న మరమ్మతు చేసిన పంపు ఆయన మనసులో ఉంటే, ఏదని అడగనే అడగడు. ఆ పంపుకు కరెంటు ఆపమని మరొకరికి చెబుతాడు. ఫలితంగా నడుస్తున్న పంపు ఆగిపోతుంది, చెడిన పంపుకు కరెంటు అలాగే ఉంటుంది. ఇప్పుడు ఫిట్టరు దాని మీద చెయ్యి వేస్తే?

ఈ చివరి ప్రశ్నను తరగతిలో అడిగి, ఒక్క క్షణం ఆగండి. ఆ తరువాత మూడో రూపాన్ని చెప్పించండి:

"సార్, ఎ పంప్ హాజ్ స్టాప్డ్ ఇన్ ద బేస్‌మెంట్. ఇట్ ఈజ్ ద పంప్ నియర్ ద డోర్. ద అదర్ టూ ఆర్ రన్నింగ్."

ఒక్కో ఆర్టికల్ ఎందుకొచ్చిందో అభ్యాసకుల చేతే చెప్పించాలి. ఎ పంప్, ఎందుకంటే ఈ సంగతి ఆయన ఇప్పుడే వింటున్నాడు, ఏ పంపో తెలియదు. ద బేస్‌మెంట్, ఎందుకంటే ఆ భవనానికి ఒక్కటే నేలమాళిగ. ద పంప్ నియర్ ద డోర్, ఎందుకంటే తలుపు పక్కన అన్న వివరం దాన్ని విడిగా చూపించింది; తలుపు కూడా ఆ గదికి ఒక్కటే. ద అదర్ టూ, ఎందుకంటే మూడింటిలో ఒకటి తీసేస్తే మిగిలిన రెండూ ఏవో ఇక తెలిసినవే.

ఒక జాగ్రత్త. వివరం జతచేసినంత మాత్రాన ద రావాలని లేదు. "ఐ నీడ్ ఎ స్పానర్ దట్ ఫిట్స్ దిస్ నట్" అన్నప్పుడు వివరం ఉంది, అయినా ఆ నట్టుకు సరిపడే పానా ఏదైనా ఫరవాలేదు. వివరం ఉందా అని అడగకూడదు, ఆ వివరంతో ఒక్కటే తేలుతుందా అని అడగాలి.

6. ఎ, అన్: తెలుగు నోటికి ప్రత్యేకమైన చిక్కు

ఎ, అన్ ఎంపిక అక్షరాన్ని బట్టి కాక శబ్దాన్ని బట్టి ఉంటుందని మీకు తెలుసు. అందుకే అన్ అవర్, ఎ యూనిఫామ్. తెలుగువారికి దీనిపైన మరో చిక్కు ఉంది. మాట మొదట ఎ వస్తే మనం చాలావరకు య కలిపి పలుకుతాం: ఎంత అని రాసి "యెంత" అంటాం. ఒ ముందు వ కలుపుతాం: ఒకటి అని రాసి "వొకటి" అంటాం. ఇదే అలవాటుతో ఎల్-కీని "యెల్-కీ" అని, ఎస్-హుక్‌ను "యెస్-హుక్" అని పలుకుతాం. మన చెవికి మాట హల్లుతో మొదలైనట్టే వినిపిస్తుంది కాబట్టి ముందు ఎ పెట్టేస్తాం.

దీనికి మందు నియమం కాదు, కలిపి పలకడం. అన్ లోని నకారాన్ని తరువాతి అచ్చుకు అంటించి "అనెల్-కీ", "అనెస్-హుక్", "అనెమ్‌సిబి", "అనెక్స్-రే" అని ఒకే ఊపిరిలో పలికించండి. నకారం వచ్చి కూర్చోగానే యకారానికి చోటు ఉండదు. ఎఫ్, ఎల్, ఎమ్, ఎన్, ఎస్, ఎక్స్ అనే ఆరు అక్షరాల పేర్లతో మొదలయ్యే మాటలన్నింటికీ ఇదే అభ్యాసం. యు-క్లాంప్‌లో యకారం, వన్-వే వాల్వ్‌లో వకారం ఆంగ్లంలోనే ఉన్నాయి. కాబట్టి వాటి ముందు ఎ వస్తుంది.

ఇంటర్వ్యూలో అందరికీ అవసరమయ్యే వాక్యంతో ఈ అంచెను ముగించండి: "ఐ యామ్ అన్ ఎలక్ట్రీషియన్", "ఐ యామ్ ఎ నర్స్". వృత్తి చెప్పడం అంటే జాతి చెప్పడమే, అందుకే ఎ, అన్. ఎలక్ట్రీషియన్‌ను "యెలక్ట్రీషియన్" అనే అలవాటు ఉన్నవారికి "అనెలక్ట్రీషియన్" అని నాలుగైదుసార్లు పలికిస్తే చాలావరకు కుదురుకుంటుంది.

7. ఏం దిద్దాలి, ఏం వదలాలి?

ఖాళీలు పూరించే పరీక్షలో మంచి మార్కులు వచ్చినవారే ఫోను సన్నివేశంలో తప్పుతారు. ఆ పరీక్షలో వినేవారు ఉండరు. కాబట్టి మీ కొలత వేరుగా ఉండాలి. సన్నివేశం నడుస్తున్నంతసేపు ఒక కాగితం మీద మూడు గడులు గీసి గుర్తులు పెట్టండి: ఆర్టికల్ వదిలేయడం, ఎ బదులు ద, ఎ బదులు వన్. పక్కనే "విచ్ వన్?" అని ఎదుటివారు ఎన్నిసార్లు అడగవలసి వచ్చిందో, ఎన్నిసార్లు వేరే పంపు చుట్టూ సున్నా చుట్టారో లెక్కించండి. రెండో గడి నిండుతుంటే మూడో విభాగంలోని ప్రశ్నకు తిరిగి వెళ్ళాలి. మొదటి గడి మాత్రమే నిండుతుంటే, వినేవారికి ఇబ్బంది కలగని చోట దాన్ని ఆ రోజుకు వదిలేయవచ్చు. ఆర్టికల్ లేకపోయినా సందర్భం వల్ల చాలా మాటలు అర్థమవుతాయి. ప్రతి తప్పుకూ ఆపితే మాట్లాడటమే మానేస్తారు.

తరగతిలో ఎవరో ఒకరు తప్పక అడిగే ప్రశ్న ఒకటుంది: "సార్, బోర్డు మీద కీప్ డోర్ క్లోజ్డ్ అని ఉంటుంది, దానికి ద లేదు కదా?" మంచి ప్రశ్న. ఆ బోర్డు తలుపు మీదే ఉంటుంది. ఏ తలుపో అది వేలాడే చోటే చెబుతోంది. ఫోనులో చెప్పే మాటకు అలాంటి చోటు లేదు. బోర్డుల మీద, లాగ్‌బుక్కులో ఆర్టికల్ వదలడం ఆ రాతల పద్ధతి. పని సూచనలు అన్నీ అలా ఉండవు. విమానాల మరమ్మతు పుస్తకాల కోసం రూపొందించిన సరళ సాంకేతిక ఆంగ్లంలో వాక్యాన్ని కుదించడానికి ఆర్టికల్ తీసివేయకూడదన్న నియమం ఉంది.

ఈ ప్రణాళికలో లెక్కించలేని నామవాచకాలను, దేశాల పేర్లను కావాలనే వదిలాం. "ఒక పని" అన్న అలవాటుతో ఎ వర్క్ అనడం, కువైట్‌కు ద లేకపోవడం, యుఎఇకి ద ఉండటం వంటివి మరో తరగతికి సరిపోయే విషయాలు.

8. సారాంశం

ఎ, ద మధ్య ఎంపిక వస్తువును బట్టి కాక వినేవారికి తెలిసినదాన్ని బట్టి ఉంటుంది. తెలుగులో చాలాసార్లు సందర్భమే ఆ పని చేస్తుంది కాబట్టి మనవారు ఆర్టికల్‌ను వదిలేస్తారు, లేదా తాము చూసిన ప్రతి వస్తువుకూ ద చేరుస్తారు. ఊహించని స్టోర్‌కీపరు, కనిపించని సూపర్‌వైజరు ఉన్న సన్నివేశాల్లో ఈ తప్పు వెంటనే బయటపడుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. కువైట్‌లో ఇంటిపని చేస్తున్న ఆమె, బయట ఉన్న యజమానురాలికి వంటగదిలోని గ్లాసుల్లో ఒకటి పగిలిందని ఫోనులో చెప్పాలి. ఎ గ్లాసా, ద గ్లాసా?

2. నర్సు చెబుతున్నది: "ఎ పేషెంట్ హాజ్ ఫాలెన్ ఇన్ వార్డ్ టూ. ద పేషెంట్ ఈజ్ అవేక్." రెండో వాక్యంలో ద ఎందుకు?

3. బల్ల మీద రెండు పానాలున్నాయి. "గివ్ మీ ద స్పానర్" అన్న మాటకు స్టోర్‌కీపరు ఏమనాలి?

సమాధానాలు

1. ఎ గ్లాస్. అనేక గ్లాసుల్లో ఏది పగిలిందో ఆమెకు తెలియదు. 2. మొదటి వాక్యంతో ఆ రోగి ఎవరో వినేవారి దృష్టికి వచ్చారు. 3. "విచ్ వన్?" అనాలి. రెండు పానాలున్నందువల్ల ద ఏ ఒక్కదాన్నీ చూపించలేదు.

మాదిరి పరీక్ష ప్రశ్నలు

1. "ప్రత్యేకమైన దాని ముందు ద" అనే సూత్రంలోని లోపాన్ని ఒక పని స్థల సన్నివేశంతో వివరించండి.

2. మీ ప్రాంతం నుంచి విదేశాలకు వెళ్ళేవారి వృత్తుల్లో ఒకదాన్ని ఎంచుకొని, 25 నిమిషాల ఫోను సన్నివేశానికి ప్రణాళిక రాయండి. ఇద్దరి చేతుల్లోని కాగితాల్లో ఏమి ఒకటిగా ఉండాలో, ఏమి వేరుగా ఉండాలో పేర్కొనండి.